ఎనిమిది గడుల పట్టిక: ఇంగ్లీషు యాత్రా కథనాలు దిద్దడంలో ఎంతవరకు పనికొస్తుంది?

ఇంగ్లీషు గ్రామర్ పుస్తకాల్లో విశేషణాల వరసకు ఒక పట్టిక కనిపిస్తుంది. అభిప్రాయం, సైజు, వయసు, ఆకారం, రంగు, ఊరు లేదా దేశం, పదార్థం, ప్రయోజనం. ఈ ఎనిమిదీ ఇదే వరసలో వచ్చాకే నామం రావాలి. హైదరాబాద్ గురించి మనవాళ్లు ఇంగ్లీషులో రాసే యాత్రా కథనాలను నాలుగేళ్లుగా ఈ పట్టిక పక్కన పెట్టుకునే దిద్దుతున్నాను. రెండు కొసల్లో ఇది చాలా గట్టిది. నడుమ కొంచెం వదులు. వాక్యంలో మాటల వరస తప్పినచోట మాత్రం దీని వల్ల ఏ ఉపయోగమూ లేదు, దానికి వేరే పద్ధతి కావాలి.

వాడే తీరు చాలా తేలిక. కాగితం మీద ప్రింటు తీసి, ముందు నామం కింద గీత గీయాలి. తర్వాత దాని ముందున్న ఒక్కో విశేషణం నెత్తిన పెన్సిల్‌తో గడి నంబరు వేయాలి. నంబర్లు పెరుగుతూ పోతే ముట్టుకోనక్కర్లేదు. ఎక్కడ తగ్గితే అక్కడ తప్పుంది.

చౌమహల్లా ప్యాలెస్ దర్బారు హాలు ఖిల్వత్ ముబారక్‌లో 19 షాండ్లియర్లు వేలాడుతుంటాయి. దాని గురించి రాసేటప్పుడు "బెల్జియన్ క్రిస్టల్ హ్యూజ్ నైన్టీన్ షాండ్లియర్స్" లాంటి మాట వస్తుంది. బెల్జియన్ ఆరో గడి, క్రిస్టల్ ఏడు, హ్యూజ్ రెండు. సంఖ్య అసలు పట్టికలోనే లేదు, అది అన్నిటికంటే ముందుండాలి. ఏడు తర్వాత రెండు వచ్చిందంటే అక్కడ వరస తెగినట్టే. సర్దితే "నైన్టీన్ హ్యూజ్ బెల్జియన్ క్రిస్టల్ షాండ్లియర్స్" అవుతుంది. ఒక్క మాట తీయలేదు, ఒక్కటి చేర్చలేదు. స్పెల్‌చెక్ కింద ఎర్రగీత పడకపోవడానికి కారణం కూడా ఇదే, మాటలన్నీ సరైనవే కదా.

ఈ తప్పు ఎక్కడ పుడుతుందో తెలిస్తే పట్టుకోవడం సులువు. తెలుగులో మనం "రాతితో కట్టిన పాత గోడ" అంటాం. "రాతితో" ముందున్నా ఇబ్బంది లేదు, ఎందుకంటే "కట్టిన" దాన్ని మోస్తోంది. ఇంగ్లీషులోకి వచ్చేసరికి ఆ "కట్టిన" జారిపోతుంది, రాయి మాత్రం మొదటి చోటే ఉండిపోతుంది. అలా "స్టోన్ ఓల్డ్ వాల్" తయారవుతుంది. పదార్థం పేరు నామానికి దూరంగా కనిపిస్తే వెంటనే అనుమానించాలి. పట్టికలో నేను అన్నిటికంటే నమ్మేది ఈ కొసనే: పదార్థం, ప్రయోజనం నామాన్ని అంటుకునే ఉండాలి. అవతలి కొసన అభిప్రాయం ముందుండాలన్నదీ అంతే గట్టిది. "బ్యూటిఫుల్ ఓల్డ్ మాస్క్" అనాలి గానీ "ఓల్డ్ బ్యూటిఫుల్ మాస్క్" అనకూడదు.

నడుమ మాత్రం పుస్తకాలకే పొత్తు కుదరదు. కొన్ని వయసును ఆకారానికి ముందు పెడతాయి, కొన్ని వెనక్కి నెడతాయి. ఆ రెండు గడుల మధ్య తగువొస్తే పట్టికను పక్కన పెట్టి గూగుల్ బుక్స్ ఎన్‌గ్రామ్ వ్యూయర్‌లో రెండు వరసలనూ కామాతో విడదీసి ఇస్తాను. అచ్చైన పుస్తకాల్లో ఏది ఎక్కువగా వాడారో గీతలు చూపిస్తాయి. నామాన్ని కూడా కలిపే వెతకాలి, లేకపోతే వేరే సందర్భాల్లో పక్కపక్కన పడిన మాటలు కూడా లెక్కలోకి వచ్చేస్తాయి.

```
old round tower,round old tower
```

దీనిలో ఒకసారికి ఐదు మాటల వరకే వెతకగలం. రెండు గీతలూ దగ్గరదగ్గరగా ఉంటే రచయిత రాసిన వరసనే ఉంచేయడం మంచిది.

పట్టికను కళ్లు మూసుకుని వాడితే చెడగొట్టే చోటు కూడా ఒకటుంది. మన ఊళ్లో అది రోజూ ఎదురవుతుంది: ఓల్డ్ సిటీ. "గ్రీన్ ఓల్డ్ సిటీ డోర్స్" అన్న మాటకు నంబర్లు వేస్తే రంగు ఐదు, వయసు మూడు. తప్పనుకుని తిప్పేస్తే "ఓల్డ్ గ్రీన్ సిటీ డోర్స్" అవుతుంది. ఇప్పుడు తలుపులు పాతవయ్యాయి, పాతబస్తీ మాయమైంది. ఓల్డ్ సిటీ అనేది ఒకే పేరు, దానిలోని "ఓల్డ్" వయసు కాదు. అందుకే నంబర్లు వేసే ముందు ఇలాంటి జంటల చుట్టూ సున్నా చుట్టి, జంట మొత్తానికీ కలిపి ఆరో నంబరు వేస్తాను. ఇరానీ చాయ్ కూడా ఇలాంటి జంటే, దాన్ని విడదీయకూడదు.

కొలతలు వచ్చినప్పుడు ఇంకో రకం తప్పు దొర్లుతుంది. హుస్సేన్ సాగర్ బుద్ధ విగ్రహం ఎత్తు సుమారు 18 మీటర్లు, తెల్ల గ్రానైట్, ఒకే రాయి. "ఎ వైట్ ఎయిటీన్ మీటర్స్ సింగిల్ రాక్ గ్రానైట్ బుద్ధ" అని రాస్తారు. కొలత సైజు గడిలోకి వెళ్లాలి, రంగు కంటే ముందు. "మీటర్స్" బహువచనం "మీటర్" అవ్వాలి, సంఖ్యకూ దానికీ మధ్య హైఫన్ పడాలి. నామం ముందు మూడు విశేషణాలు దాటితే చదివేవాడికి ఊపిరాడదు కాబట్టి ఒకే రాయి సంగతి నామం వెనక్కి వెళ్లిపోవాలి: "యాన్ ఎయిటీన్-మీటర్ వైట్ గ్రానైట్ బుద్ధ, కార్వ్‌డ్ ఫ్రమ్ ఎ సింగిల్ రాక్". మొదట్లో "ఎ" కాస్తా "యాన్" అయిందని గమనించండి. వరస మార్చిన ప్రతిసారీ ఈ చిన్న మాటను మళ్లీ చూసుకోవాలి. దిద్దినవాళ్లే వదిలేసే తప్పుల్లో ఇది ముందుంటుంది. కామాలూ అంతే. రెండు విశేషణాల మధ్య "అండ్" పెట్టి చదివితే పొసిగేచోటే కామా నిలుస్తుంది. "లాంగ్, టైరింగ్ క్లైంబ్"లో కామా ఉండాలి, "బిగ్ గ్రానైట్ బౌల్డర్"లో అక్కర్లేదు.

ఇక వాక్యంలో మాటల వరస. నిజానికి దిద్దడం ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి. వాక్యం కదిలాక విశేషణాలు మళ్లీ చెదరొచ్చు, రెండుసార్లు పని పడుతుంది. తెలుగులో క్రియ చివర వస్తుంది కాబట్టి ఎప్పుడు, ఎక్కడ అన్నవి దాని ముందు ఎటైనా కదులుతాయి. ఇంగ్లీషులో క్రియకూ దాని కర్మకూ మధ్య సాధారణంగా ఏదీ దూరకూడదు. "వీ రీచ్డ్ బై నైన్ ఓక్లాక్ ద ఫోర్ట్" అన్నదాన్ని "వీ రీచ్డ్ ద ఫోర్ట్ బై నైన్ ఓక్లాక్" అని మార్చాలి. ప్రతి క్రియ నుంచి కర్మకు బాణం గీస్తే మధ్యలో ఇరుక్కున్నది ఇట్టే కనిపిస్తుంది. కర్మ మరీ పొడవుగా ఉంటే మాత్రం దాన్ని చివర్లో ఉంచడం ఇంగ్లీషులోనూ చెల్లుతుంది, దాన్ని కదపకండి.

గోల్కొండ గురించి రాసే ప్రతివాళ్లూ ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే కొండ మీది బాలా హిస్సార్‌లో వినిపిస్తుందని చెబుతారు. తర్వాత "ఆస్క్ ద గైడ్ వేర్ ఈజ్ ద రైట్ స్పాట్" అని రాస్తారు. ప్రశ్న ఇంకో వాక్యంలో ఒదిగినప్పుడు "ఈజ్" చివరికి పోవాలి: "వేర్ ద రైట్ స్పాట్ ఈజ్". దీన్ని కంప్యూటర్‌లో "వేర్ ఈజ్", "వాట్ ఈజ్", "హౌ ఈజ్" అని వెతికి, ప్రశ్న గుర్తు లేనివన్నీ చూసుకుంటే ఇలాంటివి చాలావరకు దొరికిపోతాయి.

చివరిది మన "-నే". "పొద్దున్నే వెళ్లండి" అన్నది "గో ఇన్ ద మార్నింగ్ ఓన్లీ" అయిపోతుంది. అప్పుడు ఇంగ్లీషు పాఠకుడికి కోట సాయంత్రం మూసేస్తారేమో అనిపిస్తుంది. ఇక్కడ "ఓన్లీ"ని ఇంకో చోటికి జరిపినా బాగుపడదు, తీసేయాలి. తొందరగా వెళ్లమనడమే ఉద్దేశమైతే "గో ఎర్లీ ఇన్ ద మార్నింగ్" చాలు. నిజంగానే పొద్దున తప్ప తెరవని చోటైతే ఆ సంగతిని విడిగా ఒక వాక్యంలో రాయమని మార్జిన్‌లో గుర్తు పెట్టి రచయితకు తిప్పి పంపాలి, ఎందుకంటే ఆ రెండింటిలో ఏది నిజమో అక్కడికి వెళ్లొచ్చిన మనిషికే తెలుసు.