సొంత పేరా, కల్పిత పేరా: బోధన ఖాతాలో రెండూ వాడి చూసిన తరువాత

గణితం చెప్పే ఒక బహిరంగ ఖాతాను నేను చాలా ఏళ్లు కల్పిత పేరుతో నడిపి, తరువాత ఇంటిపేరు లేకుండా సొంత పేరుకు మార్చాను. ఇప్పుడు పైన కనిపించే పేరు శారద. దాని కింద @ గుర్తుతో వచ్చే హ్యాండిల్ మాత్రం పాత కల్పిత పేరే. యూట్యూబ్‌లోనూ ఇన్‌స్టాగ్రామ్‌లోనూ ఈ రెండింటికీ వేర్వేరు గడులు ఉంటాయి. కనిపించే పేరును ఎందరైనా పెట్టుకోవచ్చు, హ్యాండిల్ మాత్రం ఒక్కరికే దక్కుతుంది. ఏ పేరు ఏ గడిలో ఉండాలన్నదే అసలు ప్రశ్న అని నా అభిప్రాయం.

పేరు మార్చాక మొట్టమొదట మారింది ప్రశ్నల తీరు. కల్పిత పేరు ఉన్నంతకాలం "అడ్మిన్ గారూ, సమాధానం పెట్టండి" అన్న ధోరణిలోనే ఎక్కువ మంది అడిగేవారు. సొంత పేరు పెట్టాక "శారద గారూ, మూడో మెట్టులో మైనస్ ప్లస్ ఎలా అయింది?" అని అడగసాగారు. ఎదుట ఒక మనిషి ఉందని తెలిసినప్పుడు తమకు ఎక్కడ అర్థం కాలేదో చెప్పడానికి పిల్లలు అంతగా మొహమాటపడరు. ఒక ఉపాధ్యాయురాలికి ఇంతకంటే కావలసింది లేదు. అయితే అదే పేరు వల్ల పాఠంతో సంబంధం లేని ప్రైవేటు సందేశాలు కూడా పెరిగాయి. అందుకని సందేశాల పెట్టెను మూసివేసి, ప్రశ్నలన్నీ పాఠం కిందనే అడగాలన్న నియమం పెట్టాను.

సొంత పేరుతో వచ్చే పెద్ద చిక్కు నకిలీ ఖాతాలది. నా ఫొటో, నా పేరు పెట్టుకున్న ఒక ఖాతా, పాఠం కింద ప్రశ్న అడిగిన ఒక విద్యార్థికి "విడిగా క్లాసు చెబుతాను, ముందు ఫీజు పంపు" అని రాసింది. పేరును చూస్తే తేడా పట్టుకోలేము. హ్యాండిల్‌ను అక్షరం అక్షరం చదివితేనే, చివర ఒక అండర్‌స్కోర్ అదనంగా ఉన్నట్టు తెలుస్తుంది. చిన్న l స్థానంలో పెద్ద I పెట్టినప్పుడు కంటికి అదీ ఆనదు; అలాంటప్పుడు హ్యాండిల్‌ను నొక్కి, ఆ ఖాతాలో పాత పాఠాలు ఉన్నాయో లేవో చూడాలి. నేను ఎవరికీ ముందుగా సందేశం పంపనని, డబ్బు అడగనని ఖాతా పరిచయంలోనే రాసి ఉంచడం వల్ల ఆ విద్యార్థి మోసపోకుండా నన్ను అడిగాడు. ఫిర్యాదు చేసేటప్పుడు కొన్ని వేదికలు ప్రభుత్వ గుర్తింపు కార్డు అడుగుతాయి. ఆ కార్డు మీద ఉన్న పేరే ఖాతాలోనూ ఉంటే పని సులువవుతుంది. కేవలం కల్పిత పేరుతో ఉన్నవారికి ఆ ఆధారం ఉండదు.

హ్యాండిల్ విషయంలో ఒక్క సలహా చెబుతాను. ఎక్స్‌లో 15 అక్షరాలు దాటకూడదు, టెలిగ్రామ్‌లో 5 కంటే తగ్గకూడదు. కాబట్టి ఆ మధ్యలో ఉండేదాన్ని ఎంచుకుంటే అన్నిచోట్లా ఒకటే పెట్టుకోవచ్చు. అందులో తరగతి పేరో పరీక్ష పేరో ఇరికించకపోవడం మంచిది, ఎందుకంటే బోధించే అంశం మారిననాడు అది అడ్డుపడుతుంది.

కల్పిత పేరు మనల్ని దాచిపెడుతుందన్న నమ్మకానికి కూడా హద్దు ఉంది. వర్డ్‌లో అభ్యాసపత్రం తయారుచేసి పీడీఎఫ్‌గా మార్చినప్పుడు, ఆ కంప్యూటర్‌లో నమోదైన పూర్తి పేరు ఫైలు వివరాల్లో రచయిత పేరుగా వెళ్లిపోవచ్చు. ఫైలును పీడీఎఫ్ రీడర్‌లో తెరిచి ప్రాపర్టీస్ చూస్తే అది కనబడుతుంది. పీడీఎఫ్‌గా మార్చేముందే వర్డ్‌లో ఫైల్, ఇన్ఫో కింద ఉండే ఇన్‌స్పెక్ట్ డాక్యుమెంట్‌తో దాన్ని తీసివేయవచ్చు. స్క్రీన్ రికార్డు చేసే పాఠాల్లో బ్రౌజర్ మూలన కనిపించే ఈమెయిల్ ఖాతా పేరుదీ ఇదే సమస్య. దానికి నేను పాఠాల కోసమే విడిగా ఒక బ్రౌజర్ ప్రొఫైల్ వాడుతున్నాను.

ఏ రంగానికి ఏది తగునన్న దానిపై నా తీర్పు స్పష్టంగానే ఉంది. గణాంకశాస్త్రంలో టీ-పరీక్షకు మూలమైన వ్యాసాన్ని 1908లో విలియం గాసెట్ "స్టూడెంట్" అన్న మారుపేరుతోనే ప్రచురించాడు; ఆయన గిన్నెస్ బీరు కంపెనీ ఉద్యోగి. పేరు తెలియకపోయినా లెక్కను మెట్టు మెట్టుగా సరిచూసుకోవచ్చు కనుక గణితానికీ ప్రోగ్రామింగ్‌కూ కల్పిత పేరు సరిపోతుంది. మందులు, చట్టం, పెట్టుబడుల గురించి సలహా ఇచ్చేవారి సంగతి వేరు. అక్కడ చదివేవారు మాటను తాము సరిచూసుకోలేరు, చెప్పేవారి అర్హతనే నమ్ముకుంటారు. ఆ అర్హతను విచారించి తెలుసుకోవాలంటే సొంత పేరు, అదీ పూర్తి పేరు, ఉండి తీరాలి. నేను పెట్టుకున్నట్టు ఒట్టి శారద అక్కడ చాలదు.