అర్ధాయువు తీయడానికి ఏది మేలు: మామూలు గ్రాఫా, సెమీలాగ్ గ్రాఫా?

హనుమకొండలో డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ ల్యాబ్ చూస్తుంటాను. సీజియం-137 నుంచి వేరు చేసిన బేరియాన్ని గైగర్ కౌంటర్ కింద పెట్టి, నిమిషానికి ఎన్ని కౌంట్లు వస్తున్నాయో రాసుకుని గ్రాఫ్ గీసి, కౌంట్లు సగానికి పడిపోవడానికి పట్టే సమయం, అంటే అర్ధాయువు, తీయాలి. మొన్న ఒకమ్మాయి షీటు పట్టుకొచ్చి, "సార్, అర్ధాయువు పెరుగుకుంట పోతుంది, ఎట్ల?" అంది.

ఆమె గీసింది మామూలు గ్రాఫ్. మొదట 840 కౌంట్లు. అందులో సగం 420, అక్కడి నుంచి అడ్డంగా వంపు దాకా, వంపు నుంచి కిందికి గీస్తే 2.7 నిమిషాలు. అక్కడి నుంచి 210కి దిగడానికి 3 నిమిషాలు, 105కి దిగడానికి ఇంకో 3.5. ఒకే పదార్థానికి అర్ధాయువు ఇలా మారదు.

తప్పు కొలతలో లేదు, తీసివేయకుండా వదిలేసిన దాంట్లో ఉంది. బేరియం లేకుండానే కౌంటర్ నిమిషానికి 40 చూపిస్తోంది. ఆకాశం నుంచి వచ్చే కిరణాలు కొంత, మన చుట్టూ ఉన్న రాళ్లు కొంత (గ్రానైట్‌లోనూ యురేనియం, థోరియం కాస్త ఉంటాయి మరి). ఈ 40 తగ్గదు కాబట్టి కౌంట్లు తగ్గేకొద్దీ దాని వాటా పెరుగుతుంది. ప్రతి రీడింగ్ నుంచి 40 తీసేస్తే 800, 400, 200, 100 మధ్య ఎడం ప్రతిసారీ దాదాపు 2.5 నిమిషాలే.

మామూలు గ్రాఫ్‌తో నాకున్న పేచీ ఇదే: వంపు చూడ్డానికి నున్నగానే ఉంటుంది, అందులో 40 కలిసి ఉందని కంటికి తెలియదు. మూడు నాలుగు చోట్ల సగం చేసి చూస్తేనే బయటపడుతుంది. మన పిల్లలేమో ఒకచోట చూసి వదిలేస్తారు.

సెమీలాగ్ షీటులో నిలువు అక్షం మీది గీట్లు 100 నుంచి 1000కి ఎంత ఎత్తో 10 నుంచి 100కీ అంతే ఎత్తులో ఉంటాయి. అందుకని ప్రతి సగానికీ ఒకే దిగుడు, చుక్కలన్నీ సరళరేఖ మీదికి వస్తాయి. 40 తీయడం మరిచిపోతే రేఖ చివర పైకి వంగి పడుకుంటుంది, దూరం నుంచే కనిపిస్తుంది. స్కేలు పెట్టి గీశాక 800 నుంచి 100కి దిగడానికి పట్టింది 7.7 నిమిషాలు. మూడు సగాలు కాబట్టి 3తో భాగిస్తే 2.57. పుస్తకాల్లో ఉన్నది 2.55.

పరీక్షలో అచ్చేసిన వంపు ఇస్తే సగం చేసే పద్ధతే చాలు, లాగ్‌ల జోలికి పోతే టైం దండగ. సొంత రీడింగులైతే మాత్రం నేను సెమీలాగే గీయమంటాను. ఒక్క జాగ్రత్త: తొమ్మిదో నిమిషంలో కౌంటర్ 110 చూపిస్తే, అది పదో పన్నెండో అటూ ఇటూ ఊగడం సహజం. 40 తీసేశాక మిగిలే 70కి ఆ ఊగిసలాట పెద్దదే, లాగ్ షీటు మీద ఇంకా పెద్దగా కనిపిస్తుంది. మొదటి ఆరేడు నిమిషాల చుక్కల్ని నమ్మి గీత గీయండి, తోక చుక్కల కోసం స్కేలు జరపొద్దు.