ఆకుపచ్చకు కుంచె మొనంత ఎరుపు: ఏడేళ్ల వాడకం తర్వాత

అమలాపురం దగ్గరి కాలువ గట్టున కూర్చుని, సార్వా నాట్లు పడిన చేలను ఏడేళ్లుగా నీటి రంగుల్లో వేస్తున్నాను. థాలో గ్రీన్‌లో లెమన్ ఎల్లో కలిపితే వచ్చే ఆకుపచ్చ ప్లాస్టిక్ బిందె రంగులా కళ్లలో పొడుస్తుంది. మొదట్లో దాన్ని నలుపుతో తగ్గించేవాణ్ణి. అప్పుడు చేను బురద పట్టినట్టు కనిపించేది. తర్వాత వర్ణచక్రంలో దానికి ఎదురుగా ఉన్న ఎరుపును కొద్దిగా కలపడం మొదలుపెట్టాను, ఇప్పటికీ అదే పద్ధతి.

ఏ ఎరుపు అన్నదే ఇక్కడ అసలు విషయం. లేత వరి ఆకుపచ్చ పసుపు వైపు మొగ్గుతుంది కనుక దానికి ఎదురుగా నిలిచేది ఊదా ఛాయ ఉన్న ఎరుపు. నారింజ వైపు ఒరిగే సిందూరపు ఎరుపు కలిపితే పచ్చదనం తగ్గడానికి బదులు గోధుమ రంగులోకి జారిపోతుంది. నేను ఎనిమిది పాళ్ల ఆకుపచ్చకు ఒక పాలు ఎరుపుతో మొదలుపెట్టి, ఒక్కొక్క స్పర్శకూ విడి కాగితం మీద గీసి, ఆరేదాకా ఆగి చూస్తాను, ఎందుకంటే నీటి రంగు ఆరాక లేతబడుతుంది. బూడిద ఛాయ వచ్చేసిందంటే హద్దు దాటినట్టే. అప్పుడు మళ్లీ ఆకుపచ్చ పోసి సరిచేయబోతే మిశ్రమం పెరుగుతుందే గాని తేటదనం రాదు. అందుకే మొదటి ఆకుపచ్చలో కొంత విడిగా ఉంచుకుంటాను.

నాటు వేసే స్త్రీల ఎర్రచీరలను ఆ చేను పక్కనే వేసినప్పుడు, తగ్గించిన ఆకుపచ్చ మళ్లీ మెరిసినట్టు కనిపించింది. కలిపితే ఒకదాన్నొకటి అణచుకునే రంగులు పక్కపక్కన నిలిస్తే ఒకదాన్నొకటి పెంచుతాయని ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త షెవ్రల్ 1839లోనే వివరించాడు. కనుక ఎర్రచీర ఉన్న బొమ్మలో చేనును ఇంకొంచెం ఎక్కువ తగ్గించాలి.

నాకు బాధ కలిగించిన లోపం మాత్రం నాలుగో ఏట బయటపడింది. కిటికీ ఎదుట గోడకు తగిలించిన బొమ్మలో దూరపు చేలు, ముఖ్యంగా పలచగా పూసిన చోట్ల, మళ్లీ పాత ఘాటు ఆకుపచ్చలోకి తిరిగిపోయాయి. నేను కలుపుతూ వచ్చిన ఎరుపు, అంటే అలిజరిన్ క్రిమ్సన్, వెలుతురుకు వెలిసిపోయింది, థాలో గ్రీన్ మాత్రం నిలబడింది. ట్యూబు మీద వర్ణద్రవ్యపు సంకేతం పీఆర్ 83 అని ఉంటే అది ఆ రంగే. బొమ్మను అట్టపెట్టెలో దాచేవారికి దానితో చిక్కు తక్కువే గాని, గోడకు పెట్టేవారు పీవీ 19 అని రాసి ఉన్న క్వినాక్రిడోన్ రోజ్ తీసుకోవడం మంచిది. మూడేళ్ల క్రితం దానితో మళ్లీ వేసిన అదే చేను అదే గోడ మీద ఉంది, ఇంతవరకు కంటికి తెలిసేంత మార్పు రాలేదు.