ఆకాశంలో చారలు: బిట్‌రేట్ పెంచాలా, డిథరింగ్ వేయాలా?

సాయంత్రపు ఆకాశం షాట్‌ని 1080p, 8-బిట్ H.264లో ఎక్స్‌పోర్ట్ చేశారనుకుందాం. పైనుంచి కిందికి వెలుగు 60 నుంచి 100కి పెరిగితే, 1080 వరుసలకు ఉన్నవి 40 మెట్లే. ఒక్కో మెట్టు 27 వరుసల చార అవుతుంది. బిట్‌రేట్ 8 నుంచి 40 ఎంబీపీఎస్‌కు పెంచినా ఆ మెట్లు పెరగవు, ఫైలే బరువెక్కుతుంది.

అదే షాట్‌లో కింద కదిలే నీళ్లు గళ్లుగళ్లుగా విరిగితే కథ వేరు. అది బిట్లు చాలక వచ్చిన తంటా, అక్కడ బిట్‌రేటే మందు. ఆపి చూడండి: నిలువు, అడ్డం గీతలతో చదరాలు కనిపిస్తే గళ్లు, రంగు వంపు వెంట సాగితే చారలు.

చారలకు డిథరింగే నా ఓటు. 10-బిట్ నుంచి 8-బిట్‌కు దించేటప్పుడు సన్నటి నాయిస్ కలిపితే మెట్టు అంచు చెదిరిపోతుంది. ఒక చిక్కుంది: బిట్‌రేట్ తక్కువైతే ఎన్‌కోడర్ ఆ నాయిస్‌ని అనవసరమని తుడిచేస్తుంది, చారలు మళ్లీ తేలతాయి. అందుకే ffmpegలో x264 ఎన్‌కోడర్ వాడేటప్పుడు డిథరింగ్‌తో పాటు ఇవీ ఇస్తాను:

```
-crf 16 -tune grain
```

ఫైలు పెద్దదవుతుంది, తప్పదు. అప్‌లోడ్ చేశాక సైట్ మళ్లీ కుదిస్తే మాత్రం సన్న నాయిస్ చాలావరకు పోతుంది. అలాంటప్పుడు గ్రెయిన్ కాస్త ముతకగా వేయడమే మేలు.