టోట్‌లో కట్టడం మేలా, బుకీ దగ్గర కట్టడం మేలా?

విశాఖలో గుర్రప్పందేలు జరగవు కాబట్టి మా బాబాయ్ అప్పుడప్పుడు రైలెక్కి వేరే ఊరి రేసులకు వెళ్లొస్తాడు. మొన్న ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ తింటుండగా నన్ను అడిగాడు: "టోట్‌లో టికెట్ కొన్నప్పుడు బోర్డు మీద 80 ఉందిరా. గుర్రం గెలిచాక 40 చేతిలో పెట్టారు. ఇది మోసం కాదా?"

కాదు. టోట్ అంటే ఉమ్మడి పందెం. అందులో మనం గెలిస్తే ఇంత అని ముందే ఖాయమైన ధర కొనం, ఉమ్మడి సొమ్ములో వాటా కొంటాం. అందరూ కట్టిన డబ్బు ఒకచోట చేరుతుంది. అందులో పన్నులు, కమీషన్ పోగా మిగిలింది గెలిచిన గుర్రం మీద కట్టినవాళ్లు పంచుకుంటారు.

లెక్క కోసం కోత 20 శాతం అనుకుందాం. రేసుకు 5 నిమిషాల ముందు విన్ పూల్‌లో, అంటే ఏ గుర్రం గెలుస్తుందో అన్న పందెపు ఉమ్మడి సొమ్ములో, లక్ష రూపాయలున్నాయి, బాబాయ్ గుర్రం మీద 10 వేలు. కోత పోగా మిగిలిన 80 వేలను 10 వేలతో భాగిస్తే రూపాయికి 8, అంటే 10 రూపాయల టికెట్‌కి 80. బోర్డు చూపించింది అదే. గేట్లు తెరుచుకునేసరికి పూల్ లక్షా 60 వేలైంది, ఆ గుర్రం మీద మాత్రం 32 వేలు చేరాయి. మిగిలిన లక్షా 28 వేలను 32 వేలతో భాగిస్తే రూపాయికి 4 వస్తుంది. పూల్ పెరిగినా, పంచుకునేవాళ్లు అంతకంటే ఎక్కువ పెరిగారు. ఆ గుర్రం మీద కొత్తగా ఎవరూ కట్టకపోయి ఉంటే అదే టికెట్‌కి సుమారు 110 వచ్చేది.

చాలామంది చివరి నిమిషం దాకా ఆగి కడతారు. ఆ టికెట్లన్నీ లెక్కలోకి వచ్చేసరికి గుర్రాలు పరుగులో ఉంటాయి. బోర్డు అంకె అప్పటిదాకా వచ్చిన డబ్బుకు అంచనా మాత్రమే.

మన పందెమే ఆ అంకెను తగ్గిస్తుంది కూడా. ఆ లక్ష పూల్‌లో బాబాయ్ ఒక్కడే 5 వేలు కడితే 84 వేలను 15 వేలతో భాగించాలి. 8 కాస్తా 5.6 అవుతుంది. చిన్న పూల్‌లో పెద్ద పందెం కట్టడం నాకు అందుకే నచ్చదు.

లైసెన్సున్న బుకీ దగ్గర ఈ టెన్షన్ లేదు. 6కి 1, అంటే రూపాయికి 6 రూపాయల లాభం, అని టికెట్ రాసిచ్చాడంటే తర్వాత ధర ఎంత పడిపోయినా మనకు అదే. పోలిక దగ్గర మాత్రం జాగ్రత్త: టోట్ డివిడెండ్‌లో, అంటే గెలిచిన టికెట్‌కి చేతికిచ్చే మొత్తంలో, మన అసలు కలిసే ఉంటుంది. 10కి 40 అంటే బుకీ భాషలో 3కి 1. బుకీ 6కి 1 అంటే పన్నులు పక్కన పెడితే 10కి 70 చేతికొస్తుంది.

జనం చివర్లో ఎగబడతారనిపించే గుర్రానికి నేనైతే ముందుగానే బుకీ దగ్గర కడతాను. ఎవరూ పట్టించుకోని గుర్రానికి, చిన్న మొత్తమైతే, టోటే మేలు. బాబాయ్ ఎంచుకున్నది మొదటి రకం.