పిల్లి ట్రే మానేస్తే: ముందు ఇసుక మార్చాలా, మూత్రం పరీక్ష చేయించాలా?

ఇన్నాళ్లూ ట్రేలోనే పోసిన పిల్లి ఉన్నట్టుండి డోర్‌మ్యాట్ మీదో, ఉతికిన బట్టల మీదో పోయడం మొదలుపెడితే ఎక్కువమంది ముందు ఇసుక మార్చి చూస్తారు. ఖర్చు తక్కువ, పిల్లిని బుట్టలో పెట్టి ఆటో ఎక్కించే గొడవా ఉండదు. రెండో దారి, ముందు డాక్టర్‌కి చూపించి మూత్రం పరీక్ష చేయించడం. నా ఓటు రెండో దానికే. మగపిల్లి అయితే వేరే ఆలోచనే వద్దు.

మగపిల్లి మూత్రనాళం చాలా సన్నం. సన్నటి స్ఫటికాలో, జిగటో అడ్డుపడితే మూత్రం పూర్తిగా ఆగిపోతుంది. పిల్లి మాటిమాటికీ ట్రేలో కూర్చుని ముక్కుతుంది, చుక్కో రెండు చుక్కలో వస్తాయి, ఒక్కోసారి అదీ రాదు. అరుస్తుంది, అక్కడే నాక్కుంటూ ఉంటుంది. మలబద్ధకం అనుకుని రేపు చూద్దామని ఊరుకుంటే రక్తంలో పొటాషియం పెరిగి గుండె మీదికొస్తుంది. ఒకటి రెండు రోజుల్లో ప్రాణమే పోవచ్చు. పొద్దున ఆ లక్షణం కనిపిస్తే సాయంత్రం దాకా ఆగకూడదు. దగ్గరి డాక్టర్ ఎక్కువగా పశువులనే చూసేవారైతే గరివిడి వెటర్నరీ కాలేజీకో, విశాఖకో ఫోన్ చేసి కనుక్కుని బయల్దేరాలి. నొప్పి తగ్గుతుందని పారాసిటమాల్ మాత్రం వేయకండి, పిల్లికి అది విషం.

ఆడపిల్లి అయినా, ముక్కడం లేకపోయినా డాక్టర్ ముందే అనడానికి ఇంకో కారణం ఉంది. పదేళ్ల లోపు పిల్లుల్లో ఎక్కువగా కనిపించేది క్రిమి ఏదీ లేకుండానే మూత్రాశయం వాచే జబ్బు. టెన్షన్ దాన్ని రేపుతుంది. దీపావళి టపాసులు, ఇంట్లో పెళ్లి, కొత్త పిల్లి రావడం, ఏదైనా చాలు. మందు వేసినా వేయకపోయినా చాలాసార్లు వారం లోపు దానంతటదే తగ్గుతుంది. చిక్కంతా ఇక్కడే. ఆ వారంలో మీరు ఇసుక మారిస్తే, తగ్గింది ఇసుక వల్లే అనుకుంటారు. మళ్లీ వచ్చినప్పుడు మళ్లీ ఇసుకే మారుస్తారు.

అలాగని పరీక్ష బాగుంటే పని అయిపోయినట్టు కాదు. విజయనగరంలో మా పిన్ని వాళ్ల ఆడపిల్లి సంగతే చూడండి. నది ఇసుకలో పోయడం అలవాటైన పిల్లి అది. వానాకాలంలో బాల్కనీలో ఇసుక తడిసిపోతోందని పిన్ని వాసన వేసిన గడ్డకట్టే లిట్టర్ తెప్పించి, ట్రేని వాషింగ్ మెషీన్ పక్కకి మార్చింది. పిల్లి బట్టల మీద పోయడం మొదలుపెట్టింది. "ఏటే దీనికి పొగరు? కొత్త మట్టి నచ్చనేదేటి?" అని పిన్ని గోల. పిల్లి పగబట్టి ఏమీ చేయదు లెండి.

మడుగులు అరచేయంత ఉన్నాయి. రోజుకి పోసే సార్లు మామూలే, రక్తం లేదు, ముక్కడం లేదు. నేల మీదే పోస్తోంది తప్ప తోక నిలబెట్టి గోడకి చిమ్మడం లేదు. మూత్రాశయం వాచి ఉంటే చిన్నచిన్న చుక్కలు చాలాచోట్ల కనిపిస్తాయి, ఒక్కోసారి నున్నటి బాత్‌రూమ్ టైల్స్ మీద కూడా. పరీక్షలోనూ తేడా ఏమీ తేలలేదు.

అప్పుడు రెండు ట్రేలు పక్కపక్కన పెట్టమన్నాను. ఒకదానిలో పాత ఇసుక, రెండోదానిలో కొత్త లిట్టర్, రెండూ మెషీన్ పక్కనే. పిల్లి ఇసుక వాసన చూసి, కాస్త తవ్వి, వెళ్లిపోయింది. రెండూ అలాగే తీసుకెళ్లి బాల్కనీలో తడవని మూలన పెడితే రెండింటిలోనూ పోసింది. అంటే తప్పు లిట్టర్‌ది కాదు. మెషీన్ స్పిన్‌లో అదిరేసరికి ఆ చోటంటేనే పిల్లికి భయం పట్టుకుంది. పిన్ని ఇసుకనీ, ట్రే చోటునీ ఒకేసారి వెనక్కి మార్చి ఉంటే ఇది తేలేదే కాదు. అందుకే ఈ పరీక్షలో ఒకసారికి ఒక్కటే మార్చాలి, కొన్ని రోజులు ఆగాలి. ఈలోగా మడుగుల మీద ఫినాయిల్ చల్లకూడదు. అందులోని ఫినాల్‌ని పిల్లి కాలేయం సరిగా విరిచివేయలేదు, పాదాలకి అంటింది నాకితే చాలు. ఎంజైమ్ ఉన్న క్లీనర్ అయితే వాసన మూలంతో సహా పోతుంది.

పదేళ్లు దాటిన పిల్లికి మాత్రం లెక్క వేరు. కిడ్నీ, షుగర్ కోసం రక్తపరీక్ష కూడా చేయించాలి. కీళ్లు నొప్పిగా ఉన్న ముసలి పిల్లికి ఇసుక ఏదైనా ఒకటే, ఎత్తు టబ్బులోకి కాలెత్తి ఎక్కలేదు. ఒకవైపు అంచు మూడు అంగుళాలు మిగిలేలా కోసి, కోసినచోట గుచ్చుకోకుండా టేప్ వేస్తే సరిపోవచ్చు.