చీమకుర్తి గ్రానైట్ యూనిట్‌లో 250 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్: ఎనిమిదేళ్ల తర్వాత

చీమకుర్తి దగ్గర మాకో చిన్న గ్రానైట్ కటింగ్ యూనిట్ ఉంది. హెచ్‌టీ సర్వీసు తీసుకున్నప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ అమ్మినాయన ప్లేట్ల మీది హార్స్‌పవర్లన్నీ కూడాడు. 75 హెచ్‌పీ బ్లాక్ కట్టర్లు రెండు, లైన్ పాలిషర్, నాలుగు ఎడ్జ్ కట్టర్లు, పంపులు, గ్యాంట్రీ, కంప్రెసర్ కలిపి 325 హెచ్‌పీ వచ్చింది. "500 కేవీఏ వేయించుకోండి సార్, ఇక జన్మలో చూసుకోనక్కర్లేదు" అన్నాడు. మేము 250 కేవీఏ వేయించాం. ఎనిమిదేళ్లు వాడాక చూస్తే, ఎంపిక సరైనదే. లెక్కలో ఒక లొసుగు మాత్రం ఉంది, అది ఆరేళ్లకు బయటపడింది.

ముందు లెక్క చెబుతాను. ప్లేటు మీద 55 కిలోవాట్లున్న కట్టర్, బ్లేడు రాయిలో ఉన్నప్పుడు కూడా అందులో నాలుగింట మూడొంతులే మోస్తోంది. ఈ మాట మేము ఊహించింది కాదు, పక్క యూనిట్‌లో టాంగ్ టెస్టర్ పెట్టి కరెంటు కొలిచి చూసుకున్నదే. ఎడ్జ్ కట్టర్లు నాలుగున్నా ఒక్కసారి తిరిగేవి రెండే. గ్యాంట్రీ దిమ్మె ఎత్తినప్పుడు తప్ప ఖాళీగానే ఉంటుంది. ఇలా ఒక్కోదానికీ నిజంగా లాగే కరెంటు వేసుకుంటే మొత్తం 183 కిలోవాట్లు తేలింది. ఇవన్నీ ఒకే సమయంలో పతాక స్థాయికి రావు కాబట్టి డైవర్సిటీ కింద 1.15తో భాగించి 159 కిలోవాట్లు అనుకున్నాం. కెపాసిటర్లతో పవర్ ఫ్యాక్టర్, అంటే లాగిన కేవీఏలో నిజంగా పనికొచ్చే వంతు, 0.95 ఉంటే అది 167 కేవీఏ. మూడో కట్టర్ ఎప్పటికైనా కొనాలని ముందే ఉంది. దానికి 47 కేవీఏ కలిపితే 214. దాని పైన మార్కెట్లో దొరికే సైజు 250.

మూడో కట్టర్‌కు డైవర్సిటీ వేయలేదని గమనించండి. ఆర్డర్ తొందరలో ఉన్నప్పుడు మూడూ కలిసే తిరుగుతాయి, అక్కడ తగ్గించుకుంటే మనల్ని మనం మోసం చేసుకోవడమే.

మొదటి ఏడాది మీటర్లో గరిష్ఠ డిమాండ్ 160 కేవీఏ దగ్గరే తిరిగింది. ఎగుమతి ఆర్డర్ ఒత్తిడిలో ఒక నెల 172 చూపించింది. డైవర్సిటీ అంటే సగటు రోజు కథే అని అప్పుడు అర్థమైంది. ఐదో ఏడు మూడో కట్టర్ వచ్చాక 206 అయింది. నూనె థర్మామీటర్ మే నెల మధ్యాహ్నం కూడా 70 డిగ్రీలు దాటలేదు.

మోటారు స్టార్టింగ్ గురించే నాకు మొదట్లో ఎక్కువ టెన్షన్. 75 హెచ్‌పీ మోటారు నిండు లోడుకు సుమారు 100 ఆంపియర్లు. మొదట కరెంటు తగ్గించి లేపే స్టార్-డెల్టా స్టార్టర్‌తో మొదలుపెడితే 250 దాకా లాగుతుంది, అంటే 180 కేవీఏ. మా ట్రాన్స్‌ఫార్మర్ ఇంపెడెన్స్, అంటే కరెంటుకు దాని లోపలి అడ్డు, 4.5 శాతం కాబట్టి వోల్టేజీ పడేది 3 శాతం చిల్లర. లైటు కొంచెం మసకబారుతుంది, అంతే. అదే డైరెక్ట్ స్టార్టర్‌తో అయితే తొమ్మిది-పది శాతం దాకా పడేది. ఈ కొన్ని సెకన్ల పోటు డిమాండ్ మీటర్లో దాదాపు కనిపించదు, అది నిమిషాల సగటు చూస్తుంది. అందుకే స్టార్టింగ్‌ను బిల్లు చూసి కాక వోల్టేజీ చూసి లెక్కించాలి. కరెంటు పోయి వచ్చినప్పుడు పంపులు, కంప్రెసర్ ఒక్కసారే లేచి కాంటాక్టర్లు గరగరలాడేవి. టైమర్లు పెట్టి పది సెకన్ల తేడాతో లేపితే ఆ గొడవ పోయింది.

ఇక లొసుగు. ఆరో ఏడు వేసవిలో కెపాసిటర్ ప్యానెల్ రిలే చచ్చింది. డిస్‌ప్లే ఖాళీ, కెపాసిటర్లన్నీ ఆఫ్. ఎవరూ చూడలేదు. మా ఎలక్ట్రీషియన్ ఒకరోజు పరుగెత్తుకొచ్చి "నూనె 78 ఉందన్నా" అన్నాడు. పోయి చూస్తే ఇన్‌కమర్ మీటర్ 345 ఆంపియర్లు. 250 కేవీఏకు నిండు కరెంటు 333. యంత్రాలన్నీ మామూలుగానే తిరుగుతున్నాయి, కిలోవాట్లు 196 దాటలేదు. పవర్ ఫ్యాక్టర్ 0.95 నుంచి 0.78కి పడిందంతే, అదే లోడు 251 కేవీఏ అయింది. మేము దాచుకున్న జాగా అంతా కెపాసిటర్ల పుణ్యమేనని ఆ రోజు తెలిసింది. ఆ నెల ఒప్పుకున్న డిమాండ్ 220 దాటినందుకు బిల్లులో అదనపు వాత కూడా పడింది.

ఇప్పుడు స్పేర్ రిలే ఒకటి బీరువాలో ఉంది. పవర్ ఫ్యాక్టర్ 0.90 కంటే తగ్గితే బల్బు వెలిగే ఏర్పాటూ చేశాం.

500 తీసుకోనందుకు బాధ లేదు. రాత్రి యంత్రాలు ఆగినా ట్రాన్స్‌ఫార్మర్ ఉత్తినే తినే కోర్ నష్టం ఇరవైనాలుగు గంటలూ నడుస్తూనే ఉంటుంది, పెద్దదానికి అది ఇంకా ఎక్కువ. అయితే 315 దొరికి, ధర తేడా తక్కువగా ఉంటే ఈసారి దానివైపే మొగ్గుతాను. నాలుగో కట్టర్ పెడితే మా 250 చాలదు, ప్లింత్ పక్కన ఇంకో ట్రాన్స్‌ఫార్మర్‌కు ఎనిమిది అడుగుల స్థలం కూడా మేము వదల్లేదు. అక్కడ ఇప్పుడు వాచ్‌మన్ గది ఉంది.